బైక్‌లో మిగిలింది ఒక్క నిమిషం, పరుగులో పోయినవి పదహారు

ప్రశ్న: మాది గుంటూరు. పోయిన నెల మొదటిసారి ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్ చేశాను. ఈత 1.5 కి.మీ. 39:00, ఈత నుంచి బైక్‌కు మారే టీ1 6:10, బైక్ 40 కి.మీ. 1:19:00 (పది కిలోమీటర్ల ల్యాప్‌లు 18:10, 18:55, 20:20, 21:35), బైక్ నుంచి పరుగుకు మారే టీ2 4:05, పరుగు 10 కి.మీ. 1:18:00. మొత్తం 3:26:15. విడిగా అయితే 10 కి.మీ. 55 నిమిషాల్లో పరుగెడతాను, ఇక్కడ నాలుగో కిలోమీటర్ నుంచి నడకే. స్విమ్మింగ్ పూల్‌లో 1500 మీటర్లకు 36 నిమిషాలు పడుతుంది. వచ్చేసారి 3:10 లోపు రావాలంటే పరుగు మీద ఎక్కువ పని చేయాలా?

జవాబు:

పరుగు ప్రాక్టీసు ఇప్పుడున్నది చాలండి. ల్యాప్ టైములు రాసి మంచి పని చేశారు, లేకపోతే నేనూ "వారానికి ఇంకో పరుగు కలపండి" అని చెప్పి ఊరుకునేవాణ్ని. మీ కథంతా ఆ నాలుగు అంకెల్లోనే ఉంది.

నాలుగు ల్యాప్‌లూ ఒక్కొక్కటి 20:00 చొప్పున, అంటే గంటకు 30 కి.మీ. వేగంతో తొక్కి ఉంటే మీ బైక్ టైమ్ 1:20:00 అయ్యేది. మీరు మొదటి రెండు ల్యాప్‌లలో దాదాపు మూడు నిమిషాలు సంపాదించారు, తర్వాతి రెండిట్లో దాదాపు రెండు నిమిషాలు పోగొట్టుకున్నారు. చివరికి మిగిలింది ఒక్క నిమిషం. ఆ ఒక్క నిమిషానికి ఎంత ఖర్చయిందో చూద్దాం.

సైకిల్ మీద గంటకు 25 కి.మీ. దాటాక మన బలంలో, అంటే పవర్‌లో, ఎక్కువ భాగం గాలిని తోయడానికే పోతుంది. వేగం పెరిగిన కొద్దీ దానికి కావాల్సిన బలం అదే లెక్కలో పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. మొదటి ల్యాప్‌లో మీ వేగం 33. గాలి ఒక్కదాన్నే లెక్కవేస్తే 30 నుంచి 33కి వెళ్లడానికి మూడో వంతు బలం అదనంగా పెట్టాలి. టైర్ల రాపిడి లాంటివి కలుపుకుంటే కాస్త తగ్గుతుంది కానీ పెద్ద తేడా ఉండదు. మూడో వంతు అదనంగా పెట్టి ఆ ల్యాప్‌లో కొనుక్కున్నది 1:50. ఇది చాలా ఖరీదైన బేరం.

అంత బలం పెట్టినప్పుడు ఒంట్లో రెండు జరుగుతాయి. కండరాల్లో నిల్వ ఉన్న పిండిపదార్థం ఇంధనం, గ్లైకోజెన్, మామూలుకంటే చాలా త్వరగా కరుగుతుంది. రెండోది మన ప్రాంతం వాళ్లకు ఇంకా ముఖ్యం: వేడి. మనం ఖర్చుచేసే శక్తిలో పావు వంతు కూడా పెడల్‌కు చేరదు, మిగతాదంతా ఒంట్లో వేడిగా మారుతుంది. బలం మూడో వంతు పెంచితే వేడీ అంతే పెరుగుతుంది. సైకిల్ మీద ఉన్నంతసేపు 30 కి.మీ. గాలి ఒంటికి కొడుతూ ఉంటుంది, చెమట ఆరిపోతుంది, వేడి తెలియదు. దిగి పరుగు మొదలుపెట్టగానే ఆ గాలి పది కిలోమీటర్ల వేగానికి పడిపోతుంది. మన ఉక్కపోతలో చెమట ఆరకుండా జారిపోతుంది. దాచుకున్న వేడంతా మొదటి మూడు కిలోమీటర్లలో బయటపడుతుంది. మీరు నాలుగో కిలోమీటర్ దగ్గర నడక పట్టడం అందుకే. 55 నిమిషాల పరుగు ఉన్న మనిషికి, మన ఎండలో, 40 కి.మీ. తొక్కాక 62 నిమిషాలు న్యాయమైన టైమ్. మీరు 78 చేశారు. పదహారు నిమిషాలు అక్కడ పోయాయి.

కాబట్టి వచ్చేసారి బైక్ లక్ష్యం 1:20:00. అవును, ఒక నిమిషం ఎక్కువ పెట్టుకోండి. నాలుగు ల్యాప్‌లూ 20:00 దగ్గరే రావాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. నీళ్లలోంచి బయటికొచ్చాక గుండె దడదడలాడుతూ ఉంటుంది, పక్కన జనం అరుస్తుంటారు, కాళ్లు తాజాగా ఉంటాయి. మొదటి పది నిమిషాలు ఎవరో ఒకరు మిమ్మల్ని దాటిపోతూనే ఉంటారు. పోనివ్వండి. వాళ్లలో సగం మందిని పరుగు ఆరో కిలోమీటర్ దగ్గర మళ్లీ కలుస్తారు. మొదటి పది నిమిషాలు మీకు "ఇది మరీ నెమ్మదేమో" అనిపించాలి. పవర్ మీటర్ ఉంటే మీ ఎఫ్‌టీపీలో, అంటే సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ పవర్‌లో, 80 నుంచి 85 శాతం మధ్య ఉంచండి. లేకపోతే మాట పరీక్ష చాలు: ఒక చిన్న వాక్యం ఊపిరి తీసుకోకుండా చెప్పగలగాలి, రెండో వాక్యానికి ఊపిరి కావాలి. రెండు మూడు మాటలకే ఆగిపోతున్నారంటే ఎక్కువ తొక్కుతున్నట్టు. హార్ట్ రేట్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అదే బలంతో తొక్కినా ఎండలో అది నెమ్మదిగా పైకి పాకుతుంది, మొదట్లోనేమో ఈత టెన్షన్ వల్ల అబద్ధం చెబుతుంది.

ఇంకో పొరపాటు ఎదురుగాలిలో జరుగుతుంది. వాచీలో 30 కనబడాలని గాలికి ఎదురు తొక్కితే మళ్లీ అదే ఖరీదైన బేరం. వేగాన్ని కాదు, శ్రమను సమంగా ఉంచాలి. ఎదురుగాలిలో 27 వచ్చినా పర్వాలేదు, తిరుగు దారిలో అదే శ్రమకు 33 వస్తుంది. ల్యాప్ మొత్తం మీద 20:00 చూసుకోండి, క్షణక్షణం వేగాన్ని కాదు. గాలి ఎక్కువున్నప్పుడు ఒక గేరు తేలిక చేసి నిమిషానికి 85, 90 సార్లు పెడల్ తిప్పండి. బరువు గేరులో తొక్కే తొడలు పరుగులో పనికిరావు. హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని వీపు వంచి కూర్చోవడం అలవాటు చేసుకుంటే, ఏ బలమూ పెట్టకుండానే కొంత వేగం దొరుకుతుంది.

టీవీలో ఒలింపిక్ రేసులు చూసి బైక్ నేర్చుకోవద్దని ప్రత్యేకంగా చెబుతాను. అక్కడ ఒకరి వెనక ఒకరు గుంపుగా తొక్కడం నిబంధనల ప్రకారమే తప్పు కాదు. వాళ్లు మలుపుల దగ్గర ఎగిసిపడి, తర్వాత గుంపులో దాక్కుని తేరుకుంటారు. మన ఏజ్ గ్రూప్ రేసుల్లో ముందున్న సైకిల్ వెనక దాక్కుంటే పెనాల్టీ పడుతుంది. ఎంత ఎడం ఉంచాలో రేసును బట్టి 10 లేదా 12 మీటర్లని బ్రీఫింగ్‌లో చెబుతారు. దాక్కునే చోటు లేనివాడికి ఎగిసిపడే తొక్కుడు కూడదు. వాళ్ల నుంచి తీసుకోవాల్సింది వేరే ఉంది. 2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల రేసులో న్యూజిలాండ్ ఆటగాడు హేడెన్ వైల్డ్ పరుగులో ముందుండి, చివరి కొద్ది వందల మీటర్లలో బ్రిటన్‌కు చెందిన అలెక్స్ యీకి చోటిచ్చాడు. గంటా నలభై మూడు నిమిషాల రేసులో తేడా ఆరు సెకన్లు. మీరు ట్రాన్సిషన్లలో, అంటే టీ1, టీ2లలో, వదిలేసినవి ఆరు నిమిషాలు.

ఇక ట్రాన్సిషన్ల సంగతి. దీనికి ఫిట్‌నెస్ అక్కర్లేదు, అందుకే ఎవరూ ప్రాక్టీస్ చేయరు. నా మొదటి రేసులో నా టీ1 5:40. మా ఆవిడ ఫోన్‌లో వీడియో తీసింది కాబట్టి తర్వాత కూర్చుని లెక్కపెట్టాను. నీళ్లలోంచి వచ్చి ఆయాసపడుతూ నడిచింది 1:20. సైకిల్ వెతుక్కున్నది 50 సెకన్లు. టవల్‌తో తుడుచుకున్నది 35. తడి కాళ్లకు సాక్స్ ఎక్కించి బూట్లు వేసుకున్నది 1:25. గ్లవ్స్ 30. నిలబడి అరటిపండు తిన్నది 25. సైకిల్ తోసుకుంటూ గీత దాకా నడిచింది 35. ఇందులో నిజంగా అవసరమైనది సగం కూడా లేదు. సైకిల్ ఎందుకు దొరకలేదంటే, పక్కవాడి ఎర్ర బ్యాగును గుర్తు పెట్టుకున్నాను. ఆ బ్యాగు ఆసామి నాకంటే ముందే ఈదేసి వచ్చి దాన్ని స్టాండు కిందికి తోసేసి వెళ్లిపోయాడు. మా ఆవిడ ఇప్పటికీ ఆ భాగం మాత్రం చుట్టాలకు చూపిస్తుంది.

కదలని వాటినే గుర్తు పెట్టుకోండి. రేసు పొద్దున, ఈత అయ్యాక లోపలికి వచ్చే దారి దగ్గర నిలబడి మీ వరస ఎన్నోదో లెక్కపెట్టండి. అక్కడి నుంచి సైకిల్ దాకా, సైకిల్ నుంచి బైక్ బయటికెళ్లే దారి దాకా ఒకసారి నడవండి. తిరిగి వచ్చే వైపు నుంచి కూడా నడవాలి, ఎందుకంటే టీ2లో ఇంకో దిక్కు నుంచి వస్తారు, వరసలన్నీ తిరగబడి కనిపిస్తాయి.

నీళ్లలోంచి లేచాక నడుస్తూ ఊపిరి తీసుకోవడం కాదు, నెమ్మదిగానైనా జాగింగ్ చేయాలి. కళ్లజోడు నుదుటి మీదికి, క్యాప్ చేతిలోకి, ఆ పరుగులోనే. మన నీళ్లకు వెట్‌సూట్ ఉండదు కాబట్టి చల్లని దేశాలవాళ్లు దాన్ని ఒలుచుకోవడానికి పడే తిప్పలు మనకు లేవు. సైకిల్ దగ్గర మొదటి పని హెల్మెట్. హ్యాండిల్ మీద తిరగేసి పెట్టి, లోపల చలువ అద్దాలు, పట్టీలు రెండు వైపులా బయటికి వేలాడేలా ఉంచండి. అద్దాలు పెట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, బకిల్ బిగించాకే సైకిల్ ముట్టుకోవాలి. బిగించకుండా స్టాండులోంచి తీస్తే ఆపేస్తారు. ఒళ్లు తుడుచుకోవద్దు, బైక్ ఎక్కిన అయిదు నిమిషాల్లో గాలికి అదే ఆరుతుంది. గ్లవ్స్ ఇంట్లో పెట్టి రండి. నంబర్ ఎలాస్టిక్ బెల్టుకు తగిలించి ఉంచితే ఒక క్లిక్‌తో నడుముకు పడుతుంది.

సాక్స్ విషయంలో వాదనలున్నాయి. పది కిలోమీటర్లకు సాక్స్ లేకుండా పరుగెత్తేవాళ్లున్నారు, నాకు మాత్రం బొబ్బలు వస్తాయి. అందుకే సాక్స్‌ను వేళ్ల దాకా చుట్టి, లోపల పౌడర్ చల్లి బూటు మీద పెట్టుకుంటాను. కింద పరిచిన చిన్న టవల్ మీద ఒకసారి పాదం రుద్ది ఎక్కిస్తే రెండు కాళ్లకూ కలిపి పాతిక సెకన్లు. పెడల్స్‌కే బూట్లు తగిలించి, పరుగెత్తుతూ సైకిల్ మీదికి ఎగిరి ఎక్కే పద్ధతి చూసి ఉంటారు. మీరు దాని జోలికి పోకండి. దాంతో మిగిలేది పది పదిహేను సెకన్లు, తేడా వస్తే పోయేవి మోకాళ్లు. గీత దాటాక ఆగి, ఒక కాలు వేసి ఎక్కండి. ఎక్కేముందు సైకిల్ తేలిక గేరులో ఉందో లేదో పొద్దునే చూసుకోవాలి.

టీ2 బైక్ మీద ఉండగానే మొదలవుతుంది. చివరి అర కిలోమీటర్ గేరు తగ్గించి కాళ్లు తేలికగా తిప్పండి. దిగాల్సిన గీతకు ముందే దిగండి, ఒక్క అడుగు దాటినా పెనాల్టీ. సైకిల్ స్టాండుకు తగిలించాకే హెల్మెట్ బకిల్ విప్పాలి. పరుగు బూట్లకు లేసుల బదులు సాగే ఎలాస్టిక్ లేసులు వేయించుకోండి, తడి వేళ్లతో ముడులు వేయడమే టీ2లో పెద్ద ఆలస్యం. క్యాప్, జెల్ చేత పట్టుకుని కదలండి, పెట్టుకోవడం తినడం దారిలో. కూర్చోవడానికి ఏదీ వెంట తెచ్చుకోవద్దు. కూర్చున్నవాడు లేవడు.

దీన్ని నేర్చుకోవడానికి నది అక్కర్లేదు. నేను మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో చేశాను. బకెట్ నీళ్లు నెత్తి మీద కుమ్మరించుకుని, వంద మీటర్లు పరుగెత్తి వచ్చి, హెల్మెట్ నుంచి గీత దాకా మొత్తం వరస. ఒక ఆదివారం పది సార్లు. వాచ్‌మెన్ మొదట అనుమానంగా చూశాడు, తర్వాత ఫోన్‌లో టైమ్ చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగోసారికే చేతులు వాటంతట అవే వెళ్తాయి. మీకు టీ1 2:45, టీ2 1:30 పెట్టుకుందాం, ఇవి మామూలు మనిషికి అందే అంకెలు. దూరం ఎక్కువున్న ట్రాన్సిషన్ అయితే ఇంకో అర నిమిషం కలపండి.

ఈత గురించి తక్కువే చెబుతాను. పూల్‌లో 36, బయట 39 అంటే ఆ మూడు నిమిషాల్లో కొంత వంకర దారి వల్ల, కొంత మొదటి వంద మీటర్ల తొందర వల్ల పోయి ఉంటుంది. అందరితో పాటు దూకేసి ఎగశ్వాస తెచ్చుకుంటే తర్వాత అయిదు నిమిషాలు తేరుకోవడానికే సరిపోతుంది. ఆ దడ బైక్ దాకా వెంట వస్తుంది. గుంపుకు ఒక పక్కన, కాస్త వెనక నిలబడండి. మొదటి రెండు వందల మీటర్లు వామప్ వేగంలో ఈదండి, ఆ తర్వాత మీకంటే కొంచెం వేగంగా ఈదేవాళ్ల పాదాల వెనక చేరండి. ఈతలో ఒకరి వెనక దాక్కోవడం తప్పు కాదు, శ్రమ బాగా తగ్గుతుంది. కానీ ఆయన వంకరగా పోతే మీరూ పోతారు. అందుకే ఎనిమిది పది బారలకోసారి మొసలిలా కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి చూడండి. దారి చూపడానికి నీటిపై తేలే బోయ్ చిన్నది, అలల్లో కనబడదు. దాని వెనక అదే వరసలో ఉన్న ఎత్తైన వస్తువు ఏదైనా ముందే చూసి పెట్టుకోండి. మేము విజయవాడలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన ప్రాక్టీస్ చేసేటప్పుడు ఇంద్రకీలాద్రి గోపురం అలా పనికొస్తుంది. పొద్దున తూర్పుకు ఈదితే ఎండ కళ్లలో పడుతుంది, నల్ల అద్దాల కళ్లజోడు కావాలి. నదిలో ఒంటరిగా మాత్రం దిగొద్దు. రోజూ ఈదే బృందంతో, నడుముకు రంగు బోయ్ కట్టుకుని, గేట్లు ఎత్తిన రోజుల్లో అసలే వద్దు. ఇలా చేస్తే 38:00 వస్తుంది. అంతకు మించి ఇప్పుడు ఆశించనక్కర్లేదు.

బైక్ మీద తాగడం, తినడం గురించి మీరు రాయలేదు కానీ ల్యాప్‌లు చూస్తే అనుమానం వస్తోంది. 750 మి.లీ. సీసాలో సుమారు 50 గ్రాముల పంచదార, పావు టీస్పూన్ ఉప్పు, ఒక నిమ్మకాయ రసం కలిపి, అయిదు నిమిషాలకోసారి రెండు గుక్కలు తాగుతూ గంటలో అవగొట్టండి. రెండో సీసాలో ఉత్త నీళ్లు, కొంత తాగడానికి, కొంత మెడ మీద పోసుకోవడానికి. చాలామంది ఓఆర్‌ఎస్ ఒక్కటే పెట్టుకుంటారు. అది ఉప్పుకు మంచిదే కానీ లీటరులో గ్లూకోజ్ 13.5 గ్రాములే, మూడు గంటల రేసుకు ఆ ఇంధనం చాలదు. ఏదైనా ప్రాక్టీసులో పొట్టకు పడిందో లేదో చూసుకున్నాకే రేసులో వాడండి.

పరుగులో మొదటి కిలోమీటర్ మోసం చేస్తుంది. గంటా ఇరవై నిమిషాలు పెడల్ తిప్పిన కాళ్లకు వేగం తెలియదు. ఈడ్చుకుంటూ పోతున్నట్టు అనిపిస్తుంది, వాచీ చూస్తే కిలోమీటర్‌కు 5:40లో ఉంటారు. మొదటిది 6:35, రెండోది 6:25 కన్నా వేగంగా వద్దు. మూడు నుంచి ఎనిమిది దాకా 6:10 చొప్పున, ఒంట్లో ఏమైనా మిగిలితే చివరి రెండూ 6:00. కూడితే 62:00. నీళ్ల టేబుల్ దగ్గర పది అడుగులు నడిచి నీళ్లు తాగి, నెత్తి మీద పోసుకోండి. ఆ నడకకు పోయే సెకన్లు దండగ కాదు, ఐస్ దొరికితే క్యాప్‌లో వేసుకోండి.

మొత్తం వేస్తే 38:00, 2:45, 1:20:00, 1:30, 62:00, అంటే 3:04:15. మీరు అడిగిన 3:10కి దాదాపు ఆరు నిమిషాల వెసులుబాటు ఉంది. అందులో మీరు కొత్తగా సంపాదించాల్సిన బలం ఏమీ లేదు.

ఈ అంకెలు మీకు సరిపోతాయో లేదో రేసుకు మూడు వారాల ముందే తెలుసుకోవచ్చు. తెల్లవారుజామున ఉండవల్లి కరకట్ట మీదికి రండి, ఆరింటికి గాలి, బండ్లు తక్కువ. వెంకటపాలెం వైపు, మళ్లీ వెనక్కి, మొత్తం 30 కి.మీ. గంటలో తొక్కండి. సైకిల్ నిలిపి రెండు నిమిషాల లోపు పరుగు మొదలుపెట్టి 5 కి.మీ. పైన చెప్పిన వేగాలతో వెళ్లండి. సైకిల్ దగ్గర ఎవరినైనా ఉంచుకోవాలి, లేదా మంచి తాళం కావాలి. నాలుగు, అయిదు కిలోమీటర్లు 6:10లోనే వచ్చి, ఇంకా పరుగెత్తగలననిపిస్తే బైక్ లక్ష్యం సరైనదే. అవి 6:30 దాటితే తప్పు పరుగుది కాదు. వచ్చే వారం బైక్ వేగాన్ని 30 నుంచి 29కి తగ్గించి మళ్లీ చేసి చూడండి. దానివల్ల బైక్‌లో పోయేది రెండు నిమిషాల 45 సెకన్లు, నడక తప్పితే పరుగులో అంతకు మించి వస్తుంది.

రేసు రోజు మరీ ఎండగా, ఉక్కగా ఉంటే ఈ అంకెలను పట్టుకుని వేలాడొద్దు. బైక్ ల్యాప్‌కు అర నిమిషం, పరుగు కిలోమీటర్‌కు పావు నిమిషం కలిపేయండి, అప్పుడు కూడా 3:09 దగ్గరే ఉంటారు. పరుగులో ఎండలో ఉండి కూడా చలి పుట్టినా, రోమాలు నిక్కబొడుచుకున్నా, ఎన్నో కిలోమీటరో మరిచిపోతున్నా, అది వడదెబ్బ మొదలు. అక్కడే ఆగి నీడలో కూర్చుని వాలంటీర్‌ను పిలవండి.